సమ్మె ఏడాది సున్నాలు

ఆయన తెచ్చిన బయోడేటా నాలుగు పేజీలు. మొదటి పేజీలో సగం తండ్రి పేరు, పుట్టిన తేదీ, సొంత ఊరు, మండలం, జిల్లా, తెలిసిన భాషలు. రెండో పేజీలో చదువు. మూడో పేజీలో ఇరవై ఏడేళ్ల బ్యాంకు ఉద్యోగం తొమ్మిది పంక్తుల్లో ముగిసిపోయింది. ప్రతి పంక్తిలోనూ ఒక శాఖ పేరు, చేరిన తేదీ, బదిలీ అయిన తేదీ మాత్రమే. నాలుగో పేజీలో, పైన రాసినదంతా తనకు తెలిసినంత వరకు నిజమన్న ప్రమాణం, దాని కింద నీలి సిరాతో సంతకం.

లింగంపల్లి స్టేషన్ బయట ఒక చాయ్ హోటల్లో కూర్చుని ఆ కాగితాలు చదివాను. డిసెంబరు నెల, శనివారం మధ్యాహ్నం. రాష్ట్రం ఇస్తామని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చి అయిదు నెలలు కావస్తున్నా, ఇస్తారో లేదోనన్న అనుమానం ఆ హోటల్లో ప్రతి బల్ల దగ్గరా వినిపిస్తూనే ఉంది.

"ఏందమ్మా గట్ల సూస్తున్నవు? పెండ్లి సంబంధానికిచ్చిన కాయితం లెక్కున్నదా?" అన్నారాయన.

"దాదాపు అట్లే ఉంది సార్. జాతకం ఒక్కటే తక్కువ."

"పెట్టుమంటే పెడ్త. నాకు శని నడుస్తున్నదని మా ఆమె రోజూ అంటనే ఉంటది."

ఆయన నా మొదటి మేనేజర్. నేను చదివింది సివిల్ ఇంజనీరింగ్. అనంతపురం నుంచి వచ్చి ఒక చిన్న ప్రైవేటు బ్యాంకులో ఆఫీసరుగా చేరినప్పుడు, అప్పు ఫైలు ఎట్లా చదవాలో నాకు తెలియదు. లింగంపల్లి శాఖలో నాలుగేళ్లు ఆయన పక్క బల్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఆ తర్వాత ఆడిట్ పరీక్షలు రాసి, మాదాపూర్‌లో ఒక పెద్ద బ్యాంకుకు అంతర్గత ఆడిట్ చేసి పెట్టే కేంద్రంలో చేరిపోయాను. నేను వెళ్లాక కూడా ఆయన అదే శాఖలో ఉండిపోయారు.

ఇప్పుడు ఆ శాఖే లేదు. మా చిన్న బ్యాంకును ఇంకో బ్యాంకు కలిపేసుకుంది. ఒకే వీధిలో రెండు శాఖలు ఎందుకని మా దాన్ని మూసేశారు. యాభై దాటిన అధికారులకు రెండు దారులు చూపించారు: గుజరాత్‌లో ఒక శాఖకు బదిలీ, లేకపోతే స్వచ్ఛంద విరమణ. ఏదో ఒకటి మార్చి ఆఖరులోగా తేల్చుకోవాలి. ఆయన భార్యకు రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఇప్పుడు గోడ పట్టుకుని, పడకగది నుంచి వంటగది వరకు పద్నాలుగు అడుగులు తనంతట తాను నడుస్తారు. ఆ పద్నాలుగు అడుగులు నేర్పించడానికి ఫిజియోథెరపీ చేసే ఆమెకు ఏడాదిన్నర పట్టింది.

"గోడ మార్తే మల్ల మొదటికొస్తదమ్మా," అన్నారాయన. "గుజరాత్ బోను. ఇంట్ల కూసొని తినెటంత లేదు. మీ కాడ ఏమన్న ఉంటె జర సూడు."

మా దగ్గర ఉంది. శాఖల అప్పు ఫైళ్లను పరిశీలించే బృందంలో, శాఖలు నడిపిన అనుభవం ఉన్నవాళ్లు ఇద్దరు కావాలని ఆ నెలలోనే ప్రకటించారు. వయసు అడ్డం కాదని కూడా రాశారు. లోపల పనిచేసేవాళ్లు ఒకరి పేరు సూచించవచ్చు. ఆ మాట చెప్పి, "ఈ నాలుగు పేజీలు పక్కన పెట్టండి సార్, నేను కొత్తగా రాస్తాను," అన్నాను. ఆ తర్వాత జరిగినదంతా ఆ మాట నుంచే మొదలైంది.

ఆడిట్ ఉద్యోగానికి వచ్చే రెజ్యూమెలో చదివేవాడు వెతికేవి మూడు. ఎంత అప్పుల పోర్ట్‌ఫోలియోను చూసుకున్నారు, ఎలాంటి ఆడిట్లు ఎన్ని చేశారు, నిబంధనల్లో ఏవి చేతితో అమలు చేశారు. పుట్టిన మండలం ఎవరికీ అక్కర్లేదు. మూడు శనివారాలు అదే హోటల్లో అదే బల్ల దగ్గర ఆయనను ప్రశ్నలడిగి, జవాబులు నా ల్యాప్‌టాప్‌లో రాసుకున్నాను.

"పోర్ట్‌ఫోలియో నలభై కోట్లని రాయి."

"అది మార్చి ఆఖరు అంకె కదా సార్?"

"అవ్. మరి ఏ అంకె రాస్తరు?"

మార్చి ఆఖరుకు ప్రతి శాఖలోనూ అప్పులు ఉబ్బుతాయి, ఏప్రిల్‌లో తగ్గుతాయి. లక్ష్యం చూపించడానికి అందరూ చేసే పనే. ఆడిటర్ ఆ అంకెను నమ్మడు. నాలుగు త్రైమాసికాల సగటు తీస్తే ముప్పై నాలుగు కోట్లు వచ్చింది.

"ఒక్క మాటతోని ఆరు కోట్లు తీస్కపోతివి గదమ్మా," అన్నారాయన నవ్వుతూ. "ఇగ నిన్ను దొంగతనానికి పిలవాలె, ఆడిట్‌కు గాదు."

తర్వాత ఆడిట్ల దగ్గరికి వచ్చాం. ఆయన పాత కాగితంలో "అనేక ఆడిట్లు నిర్వహించాను" అని ఉంది. "నిర్వహించడమంటే, చేశారా సార్, చేయించుకున్నారా?" అని అడిగాను.

"రెండూ. ఎక్కువ చేయించుకున్న."

ఈ రెండింటినీ కలిపి రాయడం బ్యాంకు వాళ్లందరికీ అలవాటైన తప్పు. నేను విడదీసి రాశాను. తనిఖీ విభాగంలో రెండేళ్లు ఆడిటర్‌గా చూసినవి ఇరవై రెండు శాఖలు. మేనేజరుగా ఎదుర్కొన్నవి: ఏటా జరిగే చట్టబద్ధ ఆడిట్, నాలుగేళ్లపాటు ఆడిటర్ శాఖలోనే కూర్చుని నెలనెలా చేసిన కాంకరెంట్ ఆడిట్, నియంత్రణ సంస్థ తనిఖీ ఒకటి. నిబంధనల కింద కూడా "అవగాహన ఉంది" అన్న మాట తీసేసి, ఖాతాదారుల గుర్తింపు పత్రాల సరిచూత, పది లక్షలు దాటిన నగదు లావాదేవీల నెలవారీ నివేదిక, అనుమానాస్పద లావాదేవీల నివేదిక, అప్పుల వర్గీకరణ అని ఒక్కొక్కదాని పక్కన ఆయన ఏం చేశారో రాశాను. వర్గీకరణ నిబంధనలను ఆయన సర్క్యులర్ చూడకుండా అప్పజెప్పారు. కిస్తీ గడువు దాటి తొంభై రోజులు మించితే ఆ అప్పును మొండి బకాయిగా చూపించాలి. దానిమీద వడ్డీని ఆదాయంగా రాసుకోకూడదు. నష్టానికి ముందే కొంత పక్కన పెట్టాలి. పక్క బల్ల దగ్గర నాకు మొదటి నెలలో నేర్పిన పాఠం అదే.

మూడో శనివారం ఆయన ఒక గుడ్డసంచి తెచ్చారు. పై కార్యాలయానికి మూడు నెలలకొకసారి పంపిన పట్టికల నకళ్లు అందులో ఉన్నాయి. ఖాతాదారుల పేర్లు లేవు, మొత్తాలు మాత్రమే ఉన్నాయి. పేర్లు ఉన్న కాగితం ఒక్కటైనా ఉందేమోనని ముందు వెతికి, లేదని తేలాకే చదవడం మొదలుపెట్టాను. ఆ జాగ్రత్త నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ రోజు నేను పడిన జాగ్రత్త అదొక్కటే.

శాఖ అప్పుల్లో నాలుగో వంతు జీతం మీద ఇచ్చినవి. తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది బస్సు డిపో డ్రైవర్లు, కండక్టర్లు. తర్వాత బడి టీచర్లు. ఒకరికొకరు జామీను ఉంటారు. ఆ వరుసలో కొత్తగా మొండి బకాయిగా మారిన ఖాతాల సంఖ్యను పన్నెండు త్రైమాసికాలకు ఎక్కించాను. అన్నీ సున్నాలే. ఆ గళ్లకు ఆకుపచ్చ రంగు వేశాను.

"సార్, ఇది మీరు చెప్పనే లేదు! మూడేళ్లలో జీతం అప్పుల్లో ఒక్కటి కూడా జారలేదు. దీన్ని మొట్టమొదటి పంక్తిగా పెట్టాలి."

ఆయన చాయ్ గ్లాసు పక్కకు జరిపారు. "గది వద్దమ్మా."

"ఎందుకు సార్?"

"గొప్పలు చెప్పుకున్నట్టుంటది."

"రెజ్యూమె అంటేనే అది కదా సార్."

"మిగిలినయి సాలవా? ముప్పై నాలుగు కోట్లు రాసినవు. ఇరవై రెండు శాఖలు రాసినవు. ఇగ గీ సున్నాలు దేనికి?"

"మిగిలినవి అందరికీ ఉంటాయి. ఇది మీ ఒక్కరికే ఉంది," అన్నాను.

ఆయన గ్లాసులో మిగిలిన చాయ్ తాగేశారు. "నీ ఇష్టం," అన్నారు. నేను దాన్ని సంకోచం అనుకున్నాను. ఇరవై ఏడేళ్లు ఇతరుల అప్పుల గురించి రాసినవాడికి తన గురించి రాసుకోవడం చేతకాలేదని జాలిపడ్డాను కూడా. ఆ పంక్తిని ముదురు అక్షరాల్లో పైన పెట్టాను: జీతం ఆధారిత రుణాల్లో వరుసగా పన్నెండు త్రైమాసికాలు కొత్త మొండి బకాయిలు శూన్యం.

నా రోజువారీ పని అప్పటికి మూడేళ్లుగా అదే. పట్టికలో ఏ గడైనా ఎక్కువ నున్నగా కనిపిస్తే అక్కడ వేలు పెట్టడం. అదే పట్టిక ఇంకో శాఖ నుంచి వచ్చి ఉంటే, పన్నెండు సున్నాలు చూసిన మరుక్షణం ఆ మూడేళ్లలో ఆ జీతాలకు ఏమైంది అని అడిగి ఉండేదాన్ని. అడగలేదు. దానికి ఒక కారణం ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది. రెండేళ్ల కింద, రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె జరిగిన నలభై రెండు రోజులు మా భవనాల్లో సమ్మెగా గుర్తులేవు. బంద్ అన్నరోజు కంపెనీ సెలవిచ్చేది. ఆ వారం శనివారం పని చేయించుకునేది. మాకు ఆ సమ్మె కొన్ని శనివారాలు పోవడం, అంతే. గోపన్‌పల్లి నుంచి ఆఫీసుకు కంపెనీ కారులో వెళ్తూ, తాళం వేసిన డిపో గేటును, దాని ముందు వంటావార్పు చేస్తున్నవాళ్లను రోజూ చూశాను. వాళ్లకు ఆ నెల జీతం రాదన్నది నాకు తెలుసు. తెలిసిన ఆ సంగతి, నేను ఆకుపచ్చ రంగు వేసిన గడి, నా తలలో ఒకదాన్నొకటి కలుసుకోలేదు.

సూచన పత్రంలో, అభ్యర్థి చెప్పిన అంకెలను చూశారా అన్న ప్రశ్నకు చూశానని రాసి సంతకం చేశాను.

మా బృందానికి పెద్ద ఒక చార్టర్డ్ అకౌంటెంట్. కోస్తా మనిషి, గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. రెజ్యూమె ఆయన బల్ల మీద రెండు రోజులుంది. మూడో రోజు నన్ను పిలిచి, "రెండు పేజీల్లో బాగా పెట్టారండి. చేసిన ఆడిట్లు, ఎదుర్కొన్న ఆడిట్లు విడదీసి రాసినవాళ్లను నేనింతవరకు చూడలేదు," అన్నారు. నాకు గర్వంగా అనిపించింది. జనవరి రెండో వారంలో ఇంటర్వ్యూ.

ఆ రోజు పొద్దున సార్ లింగంపల్లిలో లోకల్ రైలెక్కి హైటెక్ సిటీలో దిగి, ఎర్రమట్టి తవ్విపోసిన రోడ్డు పక్కగా నడుచుకుంటూ వచ్చారు. బూట్ల అంచులకు ఆ మట్టి అంటుకుని ఉంది. రిసెప్షన్‌లో మెడకు వేసుకోమని ఇచ్చిన ట్యాగును చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు.

"మెళ్లో వేసుకోవాలి సార్."

"ఏస్కుంట తియ్. మా ఆమె చెప్పింది, మొదలు నౌకరీ రానియ్యి, అటెన్క మెళ్ల ఏస్కుందువు అని."

నేను సూచించిన మనిషి కనుక ఇంటర్వ్యూలో నేనుండకూడదు. గాజు గది నా బల్లకు కొంచెం దూరం. మాటలు వినిపించవు, మనుషులు కనిపిస్తారు. మొదటి పావుగంట మా పెద్ద తల ఊపుతూనే ఉన్నారు. సార్ చేతులు తిప్పుతూ ఏదో వివరిస్తున్నారు. ఒకసారి ఇద్దరూ నవ్వారు. తర్వాత మా పెద్ద కాగితం మీద పెన్ను ఒకచోట ఆనించి ఏదో అడిగారు. సార్ చేతులు ఒళ్లోకి వెళ్లాయి. కాసేపటికి మా పెద్ద తలుపు తీసి, నన్ను లోపలికి రమ్మన్నారు.

"కూర్చోండి. ఈ మొదటి పంక్తి ఎవరు రాశారండి?"

నేను నోరు తెరిచేలోగా సార్ అన్నారు: "నేనే రాయిపిచ్చిన సార్. ఆ బిడ్డ టైపు కొట్టిందంతే."

"నేనే రాశాను," అన్నాను. "మూడు నెలలకొకసారి పంపిన పట్టికలు చూసే రాశాను."

మా పెద్ద కాగితం పక్కకు జరిపారు. సార్ వైపు తిరిగారు. "సమ్మె సెప్టెంబరు మధ్యలో మొదలైంది. డిపోలో సగం సెప్టెంబరు జీతం, అక్టోబరు జీతం రాలేదు. అంటే రెండు కిస్తీలు. ఒక కిస్తీ అప్పటికే వెనకబడ్డవాళ్లు ఏ శాఖలోనైనా కొందరుంటారు. వాళ్లకు డిసెంబరు ఆఖరుకు తొంభై రోజులు దాటాలి. మీ దగ్గర ఒక్కరికీ దాటలేదు. ఎలా అండి?"

 నేను పన్నెండు గళ్లలో ఆ ఒక్క గడి ఎక్కడుందో మనసులో వెతుక్కున్నాను. ఎడమ నుంచి అయిదోది.

"పండుగ అప్పు ఇచ్చిన సార్," అన్నారాయన.

"ఎవరికి?"

"ఎనక పడ్డోళ్లందరికి. నలభై ఒక్క ఖాతా. దసరకు పండుగ అప్పు ఇచ్చే పవర్ మేనేజర్‌కుంటది గద. ఒక్కొక్కరికి ఇరువై వేల దాక ఇయ్యొచ్చు. ఇచ్చి, గండ్లకెల్లి పాత కిస్తీలు పట్టుకున్న."

"వాళ్ల చేతికి ఎంత వెళ్లింది?"

"ఏం పోలే. పండుగకు వాళ్లింట్ల కొత్త బట్టలు లేవు. నాకెరుకే."

"పై ఆఫీసుకు రాశారా? సమ్మె వల్ల గడువు పెంచమని?"

"రాయలే. రాస్తే ఇట్లాంటియి ఒప్పుకోరని ఎరుకే. నలభై ఒక్కరికి నోటీసులు పోవాలె, వాళ్ల జామీనుదార్లకు పోవాలె. ఆ జామీనుదార్లు గూడ సమ్మెల్నే ఉన్నరు." ఆయన ఆగి, బూట్ల వంక చూసుకున్నారు. "నేను బ్యాంకోన్ని సార్. సమ్మె చెయ్యలే. రోజూ పది గొట్టంగ షట్టర్ లేపి కూసున్న. గింతన్న చెయ్యొద్దా అనుకున్న."

మా పెద్ద పెన్ను మూత పెట్టారు. "అన్నీ వసూలయ్యాయా?"

"ఒక్క రూపాయి ఉండలే. పది నెలల్ల కట్టిండ్రు, పండుగ అప్పు గూడ."

"వసూలవడం వేరు, వర్గీకరణ వేరు కదండీ. కొత్త అప్పుతో పాత అప్పును బాగున్నట్టు చూపించారు. ఇంకో మేనేజర్ ఫైల్లో ఇది కనపడితే మీరు ఏమని రాస్తారు?"

సార్ చాలాసేపు ఆలోచించలేదు. "మొండి బకాయిని దాచిపెట్టిండని రాస్త."

"రాస్తారా?"

"రాస్త సార్," అన్నారు. ఆ గొంతులో నాకు కొంచెం తడబాటు వినిపించింది. మా పెద్దకూ వినిపించే ఉంటుంది.

ఆయనను లిఫ్టు వరకు దింపాను.  లిఫ్టు రావడానికి ఆలస్యమైంది.

"మీ సారు ఆంధ్రాయన గాబట్టి గట్ల అడిగిండని అనుకోకు," అన్నారాయన. "నేను ఆ కుర్చీల కూసుంటె గదే అడుగుదును. నువ్వు రాసినప్పుడే అడగాలె. నేను నేర్పిన గదా నీకు."

"మీరెందుకు చెప్పలేదు సార్, ఆ రోజు హోటల్లో?"

"చెప్తె నువ్వు రాయకపోదువు. రాయకపోతె మల్ల ఎందుకు రాయలేదని మనసుల పెట్టుకుందువు. నా గురించి నీకున్న మాట ఒకటున్నది. అది ఉండనియ్యి అనుకున్న." లిఫ్టు తలుపు తెరుచుకుంది. "ఇంకొక్కటి గూడ ఉన్నది బిడ్డా. ఆ సున్నాలు సూస్తుంటె నాకు మంచిగనే అనిపిచ్చింది."

సాయంత్రం మా పెద్ద నన్ను పిలిచారు. "మనిషి మీద నాకేమీ లేదండి. మనకు కావాల్సింది ఇలాంటిది ఇంకొకరి ఫైల్లో చూసినప్పుడు కళ్లు మూసుకోని మనిషి. ఆయన మూసుకుంటారా లేదా అన్నది నాకు తెలియలేదు. తెలియనప్పుడు వద్దనడమే మన పని." తర్వాత, సూచన పత్రం మీద నా సంతకాన్ని చూపించి, "అంకెలు చూశారు. కాదనను," అన్నారు.  నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఆ ఏడాది నా పనితీరు నివేదికలో కూడా దాని ప్రస్తావన రాలేదు.

ఆ పంక్తి తీసేసి రెజ్యూమెను మళ్లీ తయారు చేశాను. ఇంకో నాలుగు చోట్లకు పంపాం. రెండు చోట్ల నుంచి జవాబు లేదు. ఒకచోట వయసు అడిగి ఫోను పెట్టేశారు. నాలుగో చోట, ప్రత్యేకంగా చెప్పుకోదగినది ఏముందని అడిగారట. "ఏం జెప్పాలె?" అని సార్ నాకు ఫోన్ చేసి అడిగారు. రెజ్యూమె తెరిచి మళ్లీ చూశాను. ముప్పై నాలుగు కోట్లు, ఇరవై రెండు శాఖలు, నాలుగు రకాల నిబంధనలు: అన్నీ నిజమే, ప్రతిదానికీ ఆధారం ఉంది, ఏదీ చదివేవాళ్ల చూపును ఆపలేదు.

ఫిబ్రవరిలో పార్లమెంటులో బిల్లు నెగ్గిన రోజు డిపో గేటు ముందు డప్పులు మోగాయి. గులాల్ చల్లుకుంటూ రోడ్డు పొడవునా ఆడారు. మా కారును ఆపి డ్రైవరు నోట్లో మిఠాయి పెట్టారు, నాకూ ఒకటి ఇచ్చారు. వాళ్లలో ఆ నలభై ఒక్కరు ఎవరో నాకు తెలియదు. సార్‌కు ఫోన్ చేస్తే, ఇంట్లోనే ఉన్నానని, భార్యతో కలిసి టీవీలో చూస్తున్నానని చెప్పారు. సంతోషంగానే మాట్లాడారు. రాష్ట్రం గురించి మాత్రమే మాట్లాడారు.

మార్చి ఆఖరున ఆయన విరమణ కాగితం మీద సంతకం పెట్టారు.

మే నెలలో, కొత్త రాష్ట్రం రావడానికి ఇంకా మూడు వారాలుందనగా, నేను ఫ్లాటు కోసం ఒక బ్యాంకులో ఇంటి అప్పుకు దరఖాస్తు పెట్టాను. అప్పు ఇచ్చే ముందు బ్యాంకు తరపున ఒక ఏజెన్సీ మనిషి వచ్చి, దరఖాస్తుదారు నిజంగా ఆ చిరునామాలో ఉంటున్నారా, ఎన్నాళ్లుగా ఉంటున్నారు అని చూసి రాసుకుపోతాడు. ఒక్కో ఇంటికి ఇంత అని అతనికి ఇస్తారు. గోపన్‌పల్లిలో నేను కిరాయికుంటున్న ఇంటికి ఆదివారం పొద్దున తలుపు చప్పుడైతే తీశాను. సార్ నిలబడి ఉన్నారు. మెడలో ట్యాగు, చేతిలో అట్టకు క్లిప్పుతో పెట్టిన ఫారాలు. నన్ను చూసి, ఫారం మీద పేరును చూశారు. ఇంటిపేరు ఉంది; నా పేరుకు మొదటి అక్షరం మాత్రమే ఉంది.

"నువ్వా," అన్నారు.

"లోపలికి రండి సార్. ఇంట్లో మేడం ఎట్లున్నారు?"

"మంచిగనే ఉన్నది. వంటింట్లకెల్లి ముందటి అర్ర దాక వస్తున్నది." గడప దాటలేదు. ఫారం తిరగేసి కింద ఏదో రాయడం మొదలుపెట్టారు.

"నీళ్లన్నా తాగండి. కూర్చుని రాసుకోండి సార్. అడగాల్సినవన్నీ మీకు తెలిసినవే కదా."

"అందుకే రాయొద్దు," అన్నారాయన. "దరఖాస్తుదారు తెలిసినోళ్లయితె ఎన్కకియ్యాలె. వేరేటోన్ని పంపుతరు."

"అది ఎవరూ పాటించరు సార్."

"నేనెరుగనా?"

ఆయన రాసింది తలకిందులుగా నాకు కనిపించింది. అదే ముత్యాల వంటి అక్షరాలు: దరఖాస్తుదారు పూర్వ పరిచయస్థులు, సరిచూడకుండా వాపసు. కింద తేదీ, సమయం, సంతకం. వాపసు చేసిన ఫారానికి ఏజెన్సీ పైసా ఇవ్వదు. ఆ సంగతి నాకూ తెలుసు. ఆ డబ్బు నేనిస్తానని అనే ధైర్యం నాకు లేకపోయింది.

మెట్లు దిగుతూ కింది అంతస్తులో ఇంకో తలుపు తట్టారు. "బ్యాంకుకెల్లి వచ్చిన అమ్మా, ఎన్నేండ్లాయె ఈ ఇంట్లకొచ్చి?" అని అడగడం వినిపించింది. తలుపు వేసుకున్నాను.

నా అప్పు తొమ్మిది రోజులు ఆలస్యమైంది. పదో రోజు ఇంకెవరో కుర్రవాడు వచ్చాడు. ఏమీ అడగలేదు. ఇంటి తలుపును ఫోనులో ఫొటో తీసుకుని, ఫారంలో అన్ని గళ్లూ అక్కడే నిలబడి నింపేసుకుని వెళ్లిపోయాడు.